సెకనుకు అయిదున్నర అక్షరాలు: ఒక సీఎన్‌సీ మెషిన్ ఫిల్ముకు తెలుగు వ్యాఖ్యానం

(విశాఖపట్నంలో అనువాదకులు, డబ్బింగ్ కళాకారులు కలిసిన సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ఇవాళ నేను మీతో 14 సెకన్ల గురించి మాట్లాడతాను. ఒక సీఎన్‌సీ మెషిన్ పనితీరు చూపించే ఫిల్ములో ఒకే ఒక్క షాట్ అది. సీఎన్‌సీ మెషిన్ అంటే కంప్యూటర్ ప్రోగ్రాము ప్రకారం లోహాన్ని కోసే యంత్రం. కంపెనీ పేరు, మోడల్ పేరు తీసేసి, అంకెలు కొంచెం సర్ది తెచ్చాను. ఫిల్ము ఇంగ్లీషులో తయారైంది. బొమ్మ మారదు, ఎడిటింగ్ అయిపోయింది, సంగీతం కూడా పడిపోయింది. మన చేతికి వచ్చేది ఇంగ్లీషు వ్యాఖ్యానం, పక్కన ప్రతి షాట్‌కూ సమయం. దాన్ని తెలుగులో రాసి, ఆ సమయంలోనే పట్టేట్టు చేసి ఇవ్వాలి.

ముందు ఇది ఎవరు చూస్తారో చెప్పుకుందాం. మన గాజువాక ఆటోనగర్‌లో చిన్న మెషిన్ షాపు నడిపే మనిషిని తీసుకోండి. రెండు లేత్‌లు, ఒక పాత మిల్లింగ్ మెషిన్ ఉన్నాయి. స్టీల్ ప్లాంట్‌కో, షిప్‌యార్డుకో స్పేర్లు చేసిస్తాడు. ఇప్పుడు బ్యాంకు లోను పెట్టి ఒక వర్టికల్ మెషినింగ్ సెంటర్, అంటే షాపు భాషలో వీఎంసీ, కొందామని చూస్తున్నాడు. ఆయన ఈ ఫిల్ము వినోదం కోసం చూడడు. పక్కన ఆపరేటర్‌ని కూర్చోబెట్టుకుని చూస్తాడు. ఒక మాట నచ్చకపోతే ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ వింటాడు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసి కొలిచినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కాబట్టి మనం రాసే ప్రతి అంకె మీదా ఆయన డబ్బు ఆధారపడి ఉంటుంది.

ఇక ఆ షాట్. ఫిల్ములో 41వ సెకను దగ్గర మొదలై 55 దగ్గర ముగుస్తుంది. మొదటి మూడు సెకన్లు టూల్ మ్యాగజైన్ కనిపిస్తుంది. గుండ్రంగా టూళ్ళు అమర్చి ఉంటాయి, అది తిరుగుతూ తర్వాత రావాల్సిన టూల్‌ను సిద్ధం చేసుకుంటుంది. వెనక కటింగ్ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఎందుకంటే ప్రోగ్రాములో `T05` లాంటి పిలుపు ముందే పెడితే, ఒక పక్క టూల్ కోస్తుండగానే మ్యాగజైన్ తర్వాతి టూల్‌ను తెచ్చి నిలబెడుతుంది. 44వ సెకను దగ్గర బొమ్మ స్పిండిల్ మీదికి, అంటే టూల్‌ను పట్టుకుని తిప్పే భాగం మీదికి, మారుతుంది. సరిగ్గా అక్కడ పాత టూల్ జాబ్‌ని, అంటే కోస్తున్న లోహపు ముక్కను, వదిలి పైకి లేస్తుంది. టూల్ మార్చమనే `M06` పనిచేస్తుంది, టూళ్ళు మార్చే చేయి తిరుగుతుంది, టూల్ మారుతుంది. 48 దగ్గర కొత్త టూల్ జాబ్‌ని తాకి చిప్స్, అంటే లోహపు తునకలు, ఎగరగొడుతుంది. అలా కోస్తూ ఉండగా 52 దగ్గర ట్రేలో పేర్చిన పూర్తయిన జాబులు కనిపిస్తాయి. 55 దగ్గర షాట్ ముగుస్తుంది.

దీని మీద ఇంగ్లీషులో ఒకే ఒక పొడుగు వాక్యం ఉంది. అందులో చెప్పే సంగతులు నాలుగు. టూల్ ఛేంజర్‌లో 24 స్థానాలు ఉన్నాయి. చిప్ టు చిప్ నాలుగు సెకన్లలో టూల్ మారుతుంది. దానివల్ల స్పిండిల్ ఊరికే ఉండే సమయం తగ్గి, కోసే సమయం పెరుగుతుంది. ప్రతి షిఫ్టులోనూ ఎక్కువ జాబులు వస్తాయి. మొత్తం 33 మాటలు. ఇంగ్లీషు వ్యాఖ్యాత నిమిషానికి 150 మాటల చొప్పున చదివితే 13 సెకన్ల పైచిలుకు. 14 సెకన్ల షాట్‌లో హాయిగా కూర్చుంది.

ఈ వాక్యాన్ని జాగ్రత్తగా, ఏదీ వదలకూడదనుకుని తెలుగు చేసేవాళ్ళు సాధారణంగా ఇలా రాస్తారు. వినండి.

"ఇరవై నాలుగు టూళ్ళు పట్టే ఆటోమేటిక్ టూల్ ఛేంజర్ కేవలం నాలుగు సెకన్లలోనే ఒక టూల్ తీసి ఇంకో టూల్‌ను బిగిస్తుంది కాబట్టి స్పిండిల్ ఖాళీగా వేచి ఉండే సమయం తగ్గి, కటింగ్ చేసే సమయం పెరిగి, ప్రతి షిఫ్టులోనూ మీరు మరిన్ని భాగాలను పూర్తి చేయగలుగుతారు."

మాటలు లెక్కపెడితే 34. ఇంగ్లీషులో 33, తెలుగులో 34, ఇంకేం, సరిపోయింది అనుకుని స్టూడియోకి పంపిస్తారు. అక్కడ ఆర్టిస్టు చదివితే దాదాపు 17 సెకన్లు వస్తుంది. అప్పుడు స్టూడియోలో వినబడే మాట ఒక్కటే: "కొంచెం స్పీడుగా చదవండి." ఆర్టిస్టు ఊపిరి తీసుకోకుండా పరిగెడతాడు. నాలుగు అనే అంకె ఎక్కడో మధ్యలో నలిగిపోతుంది. మన ఆటోనగర్ ఆయనకు కావాల్సింది ఆ ఒక్క అంకే.

తెలుగులో మాటలు లెక్కపెట్టి సమయం కట్టడం కుదరదు. మనకి విభక్తి, కాలం, పురుష అన్నీ మాటకే అతుక్కుంటాయి. "చేయగలుగుతారు" అన్నది ఒకే మాట, పలకడానికి ఏడు అక్షరాలు. అందుకని అక్షరాలు లెక్కపెట్టాలి. పొల్లుగా ఆగే హల్లును లెక్కలోకి తీసుకోవద్దు. "టూల్" ఒక అక్షరం, "స్పిండిల్" రెండు, "సెకన్లు" మూడు. ఒత్తులు ఎన్ని ఉన్నా, అచ్చు ఒకటైతే అక్షరం ఒకటే. ఈ లెక్కన పైన చదివిన వాక్యం 92 అక్షరాలు.

మరి సెకనుకు ఎన్ని అక్షరాలు? ఇది గొంతును బట్టి మారుతుంది. మీరు ఎవరితో రికార్డు చేయిస్తారో ఆ ఆర్టిస్టుకు ఏదైనా సాంకేతిక విషయం ఒక పేజీ ఇచ్చి, మామూలుగా, అర్థమయ్యేట్టు, ఒక నిమిషం చదివించండి. ఎక్కడిదాకా వచ్చాడో చూసి అక్షరాలు లెక్కపెట్టి 60తో భాగించండి. నేను ఎక్కువగా పనిచేసే గొంతుకు నిమిషానికి 330 వస్తుంది. అంటే సెకనుకు అయిదున్నర. కథలు చదివేటప్పుడు ఆయనే ఇంకా వేగంగా వెళ్తాడు. కానీ అంకెలు, మెషిన్ భాగాల పేర్లు ఉన్నచోట ఇంతకంటే వేగం పెంచితే వినేవాడికి అందదు.

ఇప్పుడు 14 సెకన్లలో మొదట ఒక అర సెకను, చివర ఒక అర సెకను వదిలేయండి. షాట్ మారగానే గొంతు మొదలైతే కన్ను ఇంకా బొమ్మను చూస్తూనే ఉంటుంది, చెవి పనిచేయదు. మిగిలింది 13 సెకన్లు. అయిదున్నరతో గుణిస్తే 71 చిల్లర. మన వాక్యం 92. ఇరవైకి పైగా అక్షరాలు పోవాలి.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. "తలుపు"కీ, "కూలంట్ ట్యాంకు"కీ అక్షరానికి పట్టే సమయం ఒకటి కాదు. దీర్ఘాలు, ద్విత్వాలు ఎక్కువున్న వాక్యం లెక్కకంటే కొంచెం సాగుతుంది. కాబట్టి లెక్క రాసేటప్పుడు బడ్జెట్ లాగా వాడుకోండి. ఆఖరి తీర్పు మాత్రం బొమ్మ ముందు పెట్టుకుని, పైకి చదివి, చూసుకోవడమే. ఇంకోటి, అంకెలను రాసినట్టు కాదు, పలికినట్టు లెక్కపెట్టాలి. కాగితం మీద 24 అంటే రెండు గుర్తులు. "ఇరవై నాలుగు" అంటే ఆరు అక్షరాలు. స్పిండిల్ వేగం 12,000 అనుకోండి. "పన్నెండు వేల ఆర్‌పీఎం" ఎనిమిది అక్షరాలు, సెకనున్నర. అదే 12,500 అయితే ఆర్‌పీఎం కలపకుండానే పదకొండు. కాగితం మీద ఈ తేడా కనబడదు, మైకు ముందుకొస్తేగానీ తెలియదు.

సరే, ఇరవై అక్షరాలు ఎక్కడ తీయాలి? ముందు ఊరికే పెరిగిన బరువు చూద్దాం. "కేవలం నాలుగు సెకన్లలోనే" అన్నాం. "కేవలం" చేసే పనే ఆ "ఏ" కూడా చేస్తోంది. రెండిట్లో ఒకటి దండగ. "వేచి ఉండే సమయం", "కటింగ్ చేసే సమయం" అని సమయం రెండుసార్లు వచ్చింది. "పూర్తి చేయగలుగుతారు" బదులు ఏ షాపులోనైనా "జాబులు వస్తాయి" అంటారు. "భాగాలను" అని ఆటోనగర్‌లో ఎవరూ అనరు. జాబ్ అనే అంటారు. మీ దగ్గరికొచ్చే స్క్రిప్టుల్లో "చేయబడుతుంది", "అమర్చబడి ఉంది", "మరియు", "యొక్క" కనిపిస్తే అక్కడ చేయి పెట్టండి. "బిగించబడి ఉంటుంది" అన్నచోట "బిగించి ఉంటుంది" చాలు. నిమిషం నిడివి ఉన్న ఫిల్ములో ఇలాంటివి తీస్తేనే చాలా చోట్ల సమయం సరిపోతుంది.

కానీ ఈ షాట్‌లో అసలు చిక్కు వేరే ఉంది. నేను ఇంతసేపూ చెప్పాలనుకుంటున్నది అదే. ఆ తెలుగు వాక్యం పొడుగ్గా ఉండటమే కాదు, తప్పు కూడా.

టూల్ మారే సమయాన్ని మెషిన్ కంపెనీలు రెండు రకాలుగా చెప్తాయి. ఒకటి టూల్ టు టూల్. అంటే చేయి తిరిగి పాత టూల్ తీసి కొత్తది పెట్టడానికి పట్టే సమయం మాత్రమే. రెండోది చిప్ టు చిప్. పాత టూల్ ఆఖరి చిప్ తీసిన క్షణం నుంచి కొత్త టూల్ మొదటి చిప్ తీసే క్షణం దాకా. ఈ రెండోదాంట్లో చాలా పనులు కలుస్తాయి. టూల్ జాబ్‌ని వదిలి పైకి, టూల్ మారే ఎత్తుకు వెళ్ళాలి. స్పిండిల్ ఆగాలి. ఊరికే ఆగితే సరిపోదు, చేయి పట్టుకోవడానికి వీలుగా ఒక ఖచ్చితమైన కోణంలో ఆగాలి. చేయి తిరగాలి. స్పిండిల్ మళ్ళీ వేగం అందుకోవాలి. కిందికి దిగి జాబ్‌ని తాకాలి. అందుకే ఒకే మెషిన్‌కి టూల్ టు టూల్ ఎప్పుడూ చిన్న అంకె, చిప్ టు చిప్ పెద్ద అంకె. షాపు యజమానికి అసలు లెక్క చిప్ టు చిప్. ఎందుకంటే ఆ సమయమంతా స్పిండిల్ సంపాదించడం లేదు.

ఇప్పుడు మన వాక్యం మళ్ళీ చూడండి. "నాలుగు సెకన్లలోనే ఒక టూల్ తీసి ఇంకో టూల్‌ను బిగిస్తుంది." ఇది టూల్ టు టూల్ వర్ణన. చిప్ టు చిప్ అన్న మాట అర్థం కాక జారిపోయింది, దాని బదులు కంటికి కనిపించేది రాశారు. దాంతో మంచి మెషిన్ కాస్తా చెడ్డ మెషిన్ అయిపోయింది. పక్క కంపెనీ బ్రోచరులో టూల్ టు టూల్ రెండు సెకన్లని ఉందనుకోండి. మన ఆటోనగర్ ఆయన ఏమనుకుంటాడు? ఇది నాలుగట, అది రెండట, ఇది నిదానం అనుకుంటాడు. నిజానికి రెండూ ఒకే వేగం ఉన్న మెషిన్లు కావచ్చు. సమయానికి కుదించే పనిలో మొదట పోయేవి ఇలాంటి చిన్న షరతు మాటలే. అంకెను ఉంచుతారు, అది దేనికి వర్తిస్తుందో చెప్పే మాటను తీసేస్తారు. ఎన్ని అక్షరాలు తగ్గించాల్సి వచ్చినా, అంకె ఉన్నచోట దాని షరతు కూడా ఉండి తీరాలి.

మరి చిప్ టు చిప్ అని అలాగే పెట్టేద్దామా? ఆపరేటర్‌కి అర్థమవుతుంది. యజమానికి కావచ్చు, కాకపోవచ్చు. ఇక్కడే బొమ్మను మళ్ళీ చూడాలి. 44 దగ్గర పాత టూల్ కోత ఆపింది. 48 దగ్గర కొత్త టూల్ కోత మొదలుపెట్టింది. నాలుగు సెకన్లు తెర మీద నిజంగానే గడుస్తున్నాయి! ఇంగ్లీషు వ్యాఖ్యాత ఆ నాలుగు సెకన్ల మీదుగా మాట్లాడుకుంటూ పోయాడు. మనం అలా చేయక్కర్లేదు. ఆ రెండు క్షణాలను గొంతుతో వేలు పెట్టి చూపిస్తే చాలు.

(తెర మీద చూపించిన స్క్రిప్టు)

```
00:00:41,500 --> 00:00:43,700
మ్యాగజైన్‌లో ఇరవై నాలుగు టూళ్ళు.

00:00:44,000 --> 00:00:45,300
ఈ టూల్ కటింగ్ ఆపింది.

00:00:48,000 --> 00:00:49,800
తర్వాతి టూల్ మొదలుపెట్టింది.

00:00:50,000 --> 00:00:52,200
మధ్యలో పట్టింది నాలుగు సెకన్లు.

00:00:52,300 --> 00:00:54,500
టూళ్ళు ఎక్కువ మారే జాబుకు లాభం.
```

అక్షరాలు లెక్కపెట్టండి. వరసగా పన్నెండు, ఏడు, పది, పన్నెండు, పన్నెండు. మొత్తం 53. మన బడ్జెట్ 71. అంటే మిగిలింది కూడా. 45.3 నుంచి 48 దాకా గొంతు లేదు. స్పిండిల్ ఆగుతున్న చప్పుడు, చేయి తిరిగిన టక్, మళ్ళీ స్పిండిల్ అందుకున్న ఊపు, ఇవే వినిపిస్తాయి. చూసేవాడు ఆ చప్పుళ్ళే నమ్ముతాడు. చిప్ టు చిప్ అన్న పేరు మనం పలకలేదు, కానీ అది ఏమిటో వాక్యాల్లోనే వచ్చేసింది: ఈ టూల్ ఆపిన దగ్గర్నించి తర్వాతి టూల్ మొదలుపెట్టిన దాకా. ఇంక టూల్ టు టూల్ అంకెతో ఎవరూ కలిపేసుకోలేరు.

స్పిండిల్ ఖాళీ సమయం అన్న ముక్క తీసేశాను. ఆ రెండు సెకన్ల పైచిలుకు నిశ్శబ్దంలో స్పిండిల్ ఖాళీగా ఉండటం కళ్ళకు కనబడుతోంది, చెప్పక్కర్లేదు. చివరి వాక్యం మాత్రం మార్చాను, అది మనం సొంతంగా మార్చదగ్గది కాదు. ఇంగ్లీషులో ప్రతి షిఫ్టులోనూ ఎక్కువ జాబులు వస్తాయని ఉంది. లెక్క వేసి చూడండి. ఒక జాబుకు ఆరు టూళ్ళు, ఆరుసార్లు మారతాయి. పాత మెషిన్‌లో ఒక్కోసారికి ఎనిమిది సెకన్లనుకుంటే 48 సెకన్లు, ఇందులో 24. జాబ్ మొత్తం ఆరు నిమిషాలదైతే 360 సెకన్లలో 24 కలిసొచ్చింది, ఏడు శాతానికి కాస్త తక్కువ. బాగానే ఉంది. కానీ ఒకే పెద్ద ఫేస్ కట్టర్‌తో అరగంట సేపు ప్లేటు చదును చేసే జాబ్ అయితే? కలిసొచ్చేది మహా అయితే నాలుగు సెకన్లు, దాంతో ఒక జాబ్ కూడా పెరగదు. ఈ సంగతి కంపెనీ అప్లికేషన్ ఇంజినీరుకు రాసి, రెండు వాక్యాలు పంపించాను. ఒకటి వాళ్ళ వాక్యమే తెలుగులో, "షిఫ్టులో జాబులు పెరుగుతాయి" అని, ఇంకోటి "టూళ్ళు ఎక్కువ మారే జాబుకు లాభం" అని. ఆయన రెండోది ఎంచుకున్నారు. కొనేవాళ్ళతో రోజూ మాట్లాడే మనిషి కాబట్టి, ఏది నిలబడుతుందో ఆయనకు తెలుసు. ఇలాంటివి మనం గుట్టుగా మార్చకూడదు, గుట్టుగా వదిలేయకూడదు. అడగాలి.

ఇక మాటల వరస గురించి. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది. నొక్కమని చెప్పిన తర్వాత ఏ బటనో చెప్తారు. మనకి క్రియ ఆఖరున వస్తుంది. దీనివల్ల తెరమీద వేలు బటన్ నొక్కేసిన తర్వాత మన "నొక్కండి" వినబడుతుంది. చాలామంది దీన్ని ఇబ్బంది అనుకుని వాక్యాన్ని తలకిందులు చేస్తారు, "నొక్కండి, ఆకుపచ్చ బటన్" అని. అలా చేయొద్దు, వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. బటన్ పేరు వేలు దగ్గరికి వస్తుండగా పడాలి, క్రియ నొక్కే క్షణంలో పడాలి. అంటే వాక్యాన్ని ఒక సెకను ముందుకు జరపడమే. ఇంగ్లీషు ఎక్కడ మొదలైతే అక్కడే మనమూ మొదలుపెట్టాలన్న నియమం లేదు. చర్య ఎక్కడ జరుగుతుందో అక్కడ మన క్రియ పడేట్టు వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

ఇంకోచోట మన భాషకి ఉన్న బలం వాడుకోవచ్చు. అదే ఫిల్ములో ఇంకో షాట్ ఉంది. ఆపరేటర్ తలుపు జరిపి మూస్తాడు, తర్వాత `CYCLE START` నొక్కుతాడు. ఇంగ్లీషులో, సైకిల్ స్టార్ట్ నొక్కే ముందు తలుపు మూసి ఉందో లేదో చూసుకోమని ఉంది. దాన్నే తెలుగులో పెడితే, "సైకిల్ స్టార్ట్ నొక్కే ముందు తలుపు వేశారో లేదో చూసుకోండి." తెర మీద తలుపు పడుతుంటే చెవిలో సైకిల్ స్టార్ట్ అన్న మాట పడుతోంది. షాపులో చుట్టూ చప్పుడు, ఎవడో సగమే వింటాడు. ఆ సగం "సైకిల్ స్టార్ట్ నొక్కే" అని ఉండకూడదు. "తలుపు వేయండి. ఆ తర్వాతే సైకిల్ స్టార్ట్." పదమూడు అక్షరాలు, దాదాపు రెండున్నర సెకన్లు. వినే వరస, చూసే వరస, చేసే వరస ఒకటే. మనం మామూలుగా మాట్లాడేటప్పుడు చేసే పనులు చేసే వరసలోనే చెప్పుకుంటాం కాబట్టి ఇది చాలా సహజంగా వస్తుంది. బటన్ పేరు మాత్రం ప్యానెల్ మీద ఎలా రాసి ఉందో అలాగే పలకాలి. దానికి తెలుగు పేరు పెడితే ఆపరేటర్ ప్యానెల్ మీద దాన్ని వెతుక్కోవాల్సి వస్తుంది.

తలుపు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి గట్టిగా చెప్తాను. ఇలాంటి ఫిల్ముల్లో కెమెరా కోసం తలుపు తీసి నడుపుతారు. కోసేచోట చల్లబరచడానికి పోసే కూలంట్ ఆపేసి కోస్తారు, లేకపోతే తెల్లటి ధార తప్ప ఇంకేమీ కనబడదు. చూసే కుర్రాడు ఐటీఐ నుంచి కొత్తగా వచ్చినవాడైతే, అలాగే చేయాలి కాబోలు అనుకుంటాడు. అల్యూమినియం జాబ్‌ని కూలంట్ లేకుండా కోస్తే చిప్ టూల్ అంచుకి అతుక్కుపోతుంది, జాబ్ పైభాగం గీతలు పడి పాడవుతుంది, టూల్ విరగనూ వచ్చు. తలుపు తీసి నడిపితే ఏం జరుగుతుందో ఈ ఊళ్ళో షాపుల్లో పనిచేసేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో ఈ ముక్క ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి అడుగున సన్న అక్షరాల్లో ఉంటుంది. సమయం చాలలేదని ఎడిటర్ మొదట తీసేసేది ఇదే. "చిత్రీకరణ కోసమే తలుపు తీశాం" అంటే పదమూడు అక్షరాలు. "కనిపించడం కోసం కూలంట్ ఆపాం" అంటే పదకొండు. రెండూ కలిపి నాలుగున్నర సెకన్లు. ఆ నాలుగున్నర సెకన్ల కోసం మెషిన్ రంగు గురించి, అందం గురించి ఉన్న ఏ వాక్యాన్నైనా నేను తీసేయడానికి సిద్ధం. ఇంగ్లీషులో అసలే లేకపోతే, తెర మీద పెద్ద అక్షరాల్లో వేయమని రాతపూర్వకంగా అడుగుతాను.

రికార్డింగ్ గురించి కొంచెమే చెప్తాను, ఇక్కడ నాకంటే తెలిసినవాళ్ళు కూర్చున్నారు. కూలంట్ పడే చప్పుడు "స్స్" అంటూ వస్తుంది. మన స, శ, ష, చ అక్షరాలు సరిగ్గా ఆ చప్పుడులోనే మునిగిపోతాయి. "సెకన్లు" వినబడకుండా "నాలుగు" మాత్రమే వినబడితే లాభం లేదు. కాబట్టి అంకె, కొలత ఉన్న వాక్యాన్ని కూలంట్ షాట్ మీద పెట్టకుండా చూడండి. తప్పకపోతే మిక్సింగ్‌లో ఆ రెండు సెకన్లూ మెషిన్ చప్పుడు బాగా దించమనండి. సాఫ్ట్‌వేర్‌తో గొంతు కుదించడం కూడా ఉంది. నాలుగైదు శాతం దాకా ఎవరికీ తెలియదు. అంతకు మించితే గొంతు రేకులా మోగుతుంది. మనకి కావాల్సింది 17 సెకన్లను 13కి తేవడం, అంటే ఇరవై శాతానికి పైనే. అది మైకు ముందుకు రాకముందే, కాగితం మీదే జరగాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

ప్రశ్న (ఒక అనువాదకురాలు): సార్, మీరు 33 మాటల ఇంగ్లీషుకు ఇంత చిన్న తెలుగు ఇస్తే కంపెనీ వాళ్ళు సగం ఎగ్గొట్టారు అనరా? మాకు డబ్బులు మాటల లెక్కన ఇస్తారు కదా.

అంటారమ్మా, తప్పకుండా అంటారు. నేను ప్రతి షాట్‌కీ మూడు గడులు పెట్టి పంపిస్తాను. మొదటి గడిలో ఇంగ్లీషులో ఉన్న సంగతులన్నీ. రెండో గడిలో నా తెలుగు, అక్షరాల లెక్క, సెకన్లు. మూడో గడిలో ఏ సంగతి గొంతు నుంచి తీశానో, అది ఎక్కడ నిలబడి ఉందో. బొమ్మలోనే కనిపిస్తోందా, తెరమీద అంకెగా వేయాలా, లేక వాళ్ళ అనుమతితో వదిలేశామా. "స్పిండిల్ ఖాళీ సమయం: బొమ్మలో ఉంది, 45 నుంచి 48" అని రాసి ఉంటే ఇంక వాదన ఉండదు. డబ్బుల సంగతి అంటారా, ఈ పనికి మాటల లెక్క ఒప్పుకోకండి. ఫిల్ము నిమిషాల లెక్కన అడగండి. కుదించడానికి పట్టే సమయం అనువదించడానికి పట్టేదానికంటే ఎక్కువ.

ప్రశ్న (ఒక ఎడిటర్): అంత కష్టపడే బదులు బొమ్మనే కొంచెం సాగదీయొచ్చు కదండీ? మేము షాట్‌ని పది శాతం నిదానం చేస్తే ఎవరికీ తెలియదు.

కొన్ని షాట్లకు చేయొచ్చండి. మెషిన్ బయటి నుంచి కనిపించే షాట్, ట్రేలో జాబులు పేర్చిన షాట్, ప్యానెల్ దగ్గరి షాట్, వీటిని అర సెకనో సెకనో పొడిగించమని నేనే అడుగుతుంటాను. మీరు ఇస్తే నాకు అయిదారు అక్షరాలు దొరుకుతాయి, చాలా మేలు. స్పిండిల్ తిరుగుతున్న షాట్‌ని మాత్రం ఆపి నిలబెట్టకండి. చిప్స్ గాలిలో ఆగిపోయి కనిపిస్తే చూసేవాడు వెంటనే పట్టేస్తాడు.

అన్నిటికంటే ముఖ్యంగా 44 నుంచి 48 దాకా ఉన్న ముక్క. దాన్ని పది శాతం నిదానం చేస్తే నాలుగు సెకన్లు నాలుగున్నరకు దగ్గరవుతుంది, వేగం పెంచితే మూడున్నర అవుతుంది. గొంతు మాత్రం నాలుగనే చెబుతుంది. ఆటోనగర్ ఆయన స్టాప్‌వాచ్ పెట్టేది సరిగ్గా అక్కడే. అందుకే నేను స్క్రిప్టుతో పాటు పంపే కాగితంలో ఆ షాట్ పక్కన ఎర్ర అక్షరాల్లో రాస్తాను: అసలు వేగం, ముట్టుకోవద్దు. కంపెనీ వాళ్ళు మొదట్లోనే ఆ షాట్‌ని వేగంగా నడిపి ఎడిట్ చేసి ఉంటే అదీ మీరే కనిపెట్టగలరు. కటింగ్ చప్పుడు బొమ్మతో కలవదు. అలా ఉంటే నాకు ఫోన్ చేయండి, "మధ్యలో పట్టింది" అన్న వాక్యం తీసేసి, చిప్ టు చిప్ నాలుగు సెకన్లని తెరమీద వేసే వేరే పాఠం పంపిస్తాను.